చెక్కు మీద అంకెల్లో 2,50,000, అక్షరాల్లో "రెండు లక్షల యాభై": ఎంత వస్తుంది?

మిర్చితోట_ఖమ్మం:
అందరికీ నమస్తే. మా నాన్న 20 క్వింటాళ్ల మిర్చి అమ్మిండు, క్వింటా 12,500 రేటు. కోతలన్నీ వేరే లెక్కలో పోయినయి, రావాల్సింది సరిగ్గా రెండు లక్షల యాభై వేలు. కమీషన్ వ్యాపారి నగదు లేదని చెక్కు ఇచ్చిండు. రాసింది ఆయన గుమస్తా. అంకెల డబ్బాలో 2,50,000/- అని శుభ్రంగా ఉంది. అక్షరాల్లో మాత్రం తెలుగులో "రెండు లక్షల యాభై రూపాయలు మాత్రమే" అని రాసిండు. "వేల" లేదు. మేం చూసుకోలేదు, ఎందుకంటే మాట్లాడేటప్పుడు అందరం అట్లనే అంటం కదా. బ్యాంకులో వేస్తే నాలుగో రోజుకు తిరిగొచ్చింది, అంకెలకు అక్షరాలకు తేడా ఉందని చీటీ. ఇప్పుడు వ్యాపారి ఏమంటుండంటే, "ఆ వేల నేనే మధ్యలో రాసి సంతకం పెడతా, మళ్లీ వేసుకోండి" అని. వేయొచ్చా? చెక్కు తేదీ ఫిబ్రవరి 18.

లా_చదువుతున్నా_విజయవాడ:
నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881, సెక్షన్ 18 చూడండి అన్నా. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదే లెక్క. అందులో అనుమానమే లేదు. అంటే బ్యాంకు చెక్కును తిప్పి పంపడమే తప్పు, అక్షరాల ప్రకారం కట్టి తీరాలి. కాకపోతే మీకు ఒక చేదు వార్త: మీ చెక్కులో అక్షరాలు "రెండు లక్షల యాభై" కాబట్టి చట్టం దృష్టిలో అది 2,00,050 రూపాయల చెక్కు. మిగతా 49,950 పోయినట్టే.

మిర్చితోట_ఖమ్మం:
అయ్యో! గుమస్తా రెండక్షరాలు మరిచిపోతే యాభై వేలు పోతయా?

క్లియరింగ్_పాతకాపు:
పోవు బాబూ, కంగారుపడకండి. నేను బ్యాంకులో క్లియరింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. విజయవాడ తమ్ముడు చెప్పిన సెక్షన్ నిజమే. దాన్ని పట్టుకుని వెళ్లిన దారి మాత్రం సగమే సరైంది.

సెక్షన్ 18 చెప్పేది చెక్కు మీద ఎంత మొత్తం ఉందని భావించాలన్న సంగతి. గొడవ కోర్టుకి వెళ్తే న్యాయమూర్తి దాన్ని వాడతారు. కౌంటరు వెనక కూర్చున్న మనిషి ఆ సెక్షన్ చదివి, ఖాతాదారు మనసులో ఏముందో ఊహించి డబ్బు కట్టేయడు. ఖాతా ఎవరిదో వాళ్లు 2,50,000 ఇవ్వమన్నారా, 2,00,050 ఇవ్వమన్నారా అన్నది కాగితం మీదే స్పష్టంగా లేకపోతే వెనక్కి పంపడం బ్యాంకుల్లో మామూలు. తప్పు మొత్తం కడితే ఖాతాదారు వచ్చి మెడ మీద కూర్చుంటాడు మరి.

ఇక 49,950 సంగతి. చెక్కు అన్నది అప్పు తీర్చే సాధనమే. అసలు బాకీ పుట్టింది మిర్చి అమ్మినప్పుడు. తూకం చీటీ, తక్‌పట్టీ మీ దగ్గర ఉన్నాయా? వాటిలో 20 క్వింటాళ్లు, 12,500 రేటు ఉంటే బాకీ 2,50,000 అని అవే చెబుతాయి. చెక్కులో గుమస్తా "వేల" మరిచిపోయినంత మాత్రాన మీ మిర్చి విలువ తగ్గదు.

వ్యాపారి చెప్పిన దిద్దుబాటు మాత్రం ఒప్పుకోకండి. ఇప్పుడు చెక్కు కాగితం బ్యాంకు నుంచి బ్యాంకుకి ప్రయాణం చేయడం లేదు, ఫోటో తీసి బొమ్మ పంపుతున్నారు. ఆ పద్ధతి వచ్చాక రిజర్వు బ్యాంకు చెక్కు మీద దిద్దుబాట్లు ఆపేసింది. పేరు, అంకెలు, అక్షరాలు, వీటిలో ఏది తప్పినా కొత్త చెక్కు రాయాల్సిందే. పక్కన పూర్తి సంతకం పెట్టినా చెల్లదు. తేదీ చెల్లుబాటు కోసం చేసే మార్పుకి ఒక్కదానికే మినహాయింపు.

దస్తావేజు_నర్సరావుపేట:
పాతకాపు గారి మాటకి ఒక్క ముక్క జోడిస్తాను. వ్యాపారి కాకుండా మీరే ఇంట్లో కూర్చుని "వేల" ఇరికించాలని ఎవరైనా సలహా ఇస్తే ఆ ఛాయలకి పోకండి. రాసిచ్చినవాడి ఒప్పుదల లేకుండా మొత్తం మార్చితే అదే చట్టం సెక్షన్ 87 కింద ఆ కాగితం అతని మీద చెల్లకుండా పోతుంది. నిజంగా రావాల్సిన డబ్బైనా సరే, చేతిలో ఉన్న ఆధారాన్ని మీరే పాడుచేసుకున్నట్టు.

కొత్త చెక్కు అడగండి, లేదా ఆర్‌టీజీఎస్ చేయమనండి. మొత్తం రెండు లక్షలు దాటింది కాబట్టి ఆర్‌టీజీఎస్‌కి సరిపోతుంది. పాత చెక్కు మాత్రం డబ్బు మీ ఖాతాలో పడేదాకా చేయి జారనివ్వకండి, వెనకా ముందూ ఫోటోలు, తిరిగొచ్చిన చీటీ జాగ్రత్త. చెక్కుకి తేదీ నుంచి మూడు నెలలే ఆయుష్షు, అదీ గుర్తుంచుకోండి.

డాలస్_బాబాయ్:
ఇందులో ఇంత గొడవేముంది? అంకెల్లో రాసి, కింద గీత మీద అక్షరాల్లో డాలర్లు రాసి, చివర "ఇంకా 00/100" అని పెడితే అయిపోయింది. నేను ఇక్కడికి వచ్చినప్పట్నుంచీ అలానే రాస్తున్నా, ఒక్కటీ తిరిగి రాలేదు. 00/100 అంటే సెంట్లు లేవని. మీరూ అది రాయండి, గుమస్తాకి నేర్పండి.

క్లియరింగ్_పాతకాపు:
బాబాయ్ గారూ, మీరు చెప్పేది అమెరికా చెక్కు. అక్కడ వాళ్ల వాణిజ్య నియమావళిలో కూడా అంకెల కంటే అక్షరాలకే విలువ. దానికితోడు అచ్చువేసినదాని కంటే టైపు చేసినదానికి, ఆ రెండిటి కంటే చేత్తో రాసినదానికి పెద్దపీట. మన రాతలో 00/100 ఉండదు. పైసలు లేకపోతే "మాత్రమే", అంకెల పక్కన "/-". ఉంటే "నాలుగు వేల రెండు వందల యాభై రూపాయల యాభై పైసలు మాత్రమే" అని రాస్తాం. అయినా ఖమ్మం అబ్బాయి ఇబ్బంది పైసలతో కాదు, మధ్యలో ఎగిరిపోయిన "వేల"తో.

డాలస్_బాబాయ్:
సరే సరే. కానీ అక్కడ మీరు కామా పెట్టే చోటు నాకిప్పటికీ తికమకే. ఇండియాలో ప్లాటు అమ్మినప్పుడు అగ్రిమెంటులో 1,250,000 అని పంపితే, అది పన్నెండున్నర లక్షలా, కోటి పాతిక లక్షలా అని బ్రోకరు ఫోన్ చేశాడు.

దస్తావేజు_నర్సరావుపేట:
అంకెల సంఖ్య చూస్తే అది పన్నెండున్నర లక్షలే. కానీ మన కళ్లు అంకెలు లెక్కపెట్టవు, కామాలు చూస్తాయి. తెలుగు దస్తావేజులో 12,50,000 అని మన కామాలతోనే రాయాలి. ఇంగ్లీషు ప్రతి మీ వైపు తయారైనా భారత రూపాయల మొత్తానికి లక్షలు, కోట్లు అనే రాయమనండి. ఒక ప్రతిలో మిలియన్లు, ఇంకో ప్రతిలో లక్షలు ఉంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు సున్నా తప్పుతారు. రెండు భాషల్లో రాస్తే ఏ ప్రతి మాట చెల్లుతుందో కూడా ఒక వాక్యం పెట్టించండి.

మిర్చితోట_ఖమ్మం:
పాతకాపు సార్, అసలు తెలుగులో రాయడమే తప్పా? మా చెక్కు బొమ్మ చూసినోళ్లకు తెలుగు రాకపోతే? బ్యాంకులో ఒకాయన "ఇంగ్లీషులో రాయాలి కదా" అన్నడు.

క్లియరింగ్_పాతకాపు:
తప్పు కాదు. ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంత భాషలో చెక్కు రాసే వీలు ఖాతాదారుకి ఉందని రిజర్వు బ్యాంకు సూచనల్లోనే ఉంది. తెలుగులో రాశారన్న ఒక్క కారణంతో కౌంటరులో తిప్పి పంపితే ఆ సంగతి మేనేజరుకి చూపించి అడగొచ్చు.

అయితే మీ అనుమానంలో విషయముంది. ఇదివరకు చెక్కు డబ్బు కట్టాల్సిన బ్రాంచికే వచ్చేది. అక్కడి గుమాస్తాకి తెలుగు వచ్చు, ఖాతాదారు చేతిరాత కూడా తెలుసు. ఇప్పుడు చాలా బ్యాంకుల్లో బొమ్మలన్నీ ఒకే కేంద్రంలో చూస్తారు, అది వేరే రాష్ట్రంలో కూడా ఉండొచ్చు. అందుకని తెలుగులో రాసేటప్పుడు చదివేవాడు మన వాడుక మాట ఎరగడనుకునే రాయాలి. సంతలో రెండు లక్షల యాభై అంటే అందరికీ రెండున్నర లక్షలే, కాగితం మీద అది రెండు లక్షల మీద యాభై రూపాయలు.

నేను చెప్పే పద్ధతి ఒక్కటే. ప్రతి అంకె వెనక దాని స్థానం పేరు ఉండాలి, ఏదీ మనసులో ఉంచుకోకూడదు. 2,50,000 అయితే "రెండు లక్షల యాభై వేల రూపాయలు మాత్రమే". 2,05,000 అయితే "రెండు లక్షల ఐదు వేల రూపాయలు మాత్రమే". "రెండున్నర లక్షలు", "లక్షన్నర" అర్థంలో తప్పేం లేదు కానీ అంకెలతో పక్కపక్కన పెట్టి సరిచూడటానికి వీలుండదు. "పదిహేను వందలు" కూడా అంతే, "ఒక వెయ్యి ఐదు వందలు" అని రాస్తే 1,500తో అంకెకి అంకె కలుస్తుంది.

కట్నకానుకలు:
మరి పెళ్లిళ్లలో ఇచ్చే నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు? 😀

దస్తావేజు_నర్సరావుపేట:
1,116కి "ఒక వెయ్యి నూట పదహారు రూపాయలు మాత్రమే" చాలు. కొత్త దంపతులకి చెక్కు బౌన్స్ అయితే శకునం మాట దేవుడెరుగు, మీ బంధువులు జన్మంతా చెప్పుకుంటారు.

జాగ్రత్త_అమ్మాయి:
నా అనుమానం వేరే. తెలుగులో రాస్తే ఎవరైనా ముందో వెనకో ఏదైనా చేర్చే ప్రమాదం ఇంగ్లీషు కంటే ఎక్కువా, తక్కువా? మా ఆఫీసులో చెక్కులు నేనే రాస్తాను.

దస్తావేజు_నర్సరావుపేట:
మంచి ప్రశ్న. ఇంగ్లీషులో ప్రమాదం రెండు పక్కలా ఉంటుంది. సిక్స్, సెవెన్, నైన్ తర్వాత కాస్త జాగా వదిలితే ఆ రెండక్షరాల తోక తగిలించి సిక్స్‌టీ, సెవెంటీ, నైంటీ చేసేయొచ్చు. తెలుగులో ఆరుని అరవైగా, ఏడుని డెబ్బైగా చేయాలంటే మాటే మారిపోవాలి కాబట్టి వెనక నుంచి దాడి కష్టం.

ముందు నుంచి మాత్రం తెలుగు బాగా తెరిచి ఉంటుంది. "ఐదు వేల" అని గీత మధ్యలో మొదలుపెట్టారనుకోండి, ముందు "ఇరవై" రాస్తే ఇరవై ఐదు వేలు, "తొంభై" రాస్తే తొంభై ఐదు వేలు, ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా. అంకెల డబ్బాలో కూడా రూపాయి గుర్తుకి, 5కి మధ్య ఖాళీ ఉంటే పని సులువు. అందుకే మొదటి అక్షరం అచ్చు మాటకి ఆనుకుని రాయాలి. ఆ గీత మొదట్లో రూపాయలు అని హిందీ ఇంగ్లీషుల్లో అచ్చువేసే ఉంటుంది, దానికి వేలి సందు కూడా ఇవ్వకండి.

ఒక్క లక్షకి ఇంకో చిక్కు. "లక్ష రూపాయలు" అని మొదలుపెడితే ముందు ఏ సంఖ్యైనా పడుతుంది. "ఒక లక్ష రూపాయలు" అని రాస్తే, దాని ముందు ఇరవై చేర్చినా "ఇరవై ఒక లక్ష" అవుతుంది. మనం అలా అనం, ఇరవై ఒక్క లక్షలు అంటాం. తెలుగు తెలిసినవాడు అక్కడే ఆగుతాడు.

క్లియరింగ్_పాతకాపు:
తెలిసినవాడు ఆగుతాడు, సరే. వేరే రాష్ట్రంలో కూర్చున్నవాడికి ఒక లక్ష, ఒక్క లక్షలు తేడా ఎక్కడ తెలుస్తుందండీ? వ్యాకరణాన్ని నమ్ముకోవద్దు, ఖాళీ లేకుండా చూసుకోండి. అమ్మాయ్, యాభై వేలు దాటిన చెక్కులకి మీ బ్యాంకులో పాజిటివ్ పే ఉంటుంది, 2021 నుంచి వచ్చింది. చెక్కు నంబరు, తేదీ, ఎవరి పేరు, ఎంత అన్నది ముందే యాప్‌లో చెప్పేస్తారు. ఎవడో ఇరవై చేర్చినా బ్యాంకు దగ్గరున్న మొత్తంతో కలవదు. ఐదు లక్షలు దాటితే కొన్ని బ్యాంకులు తప్పనిసరి చేశాయి.

మేస్త్రీ_బాధితుడు:
మీ అందరి మాటలూ చదివాక నా కాగితం తీశాను. ఇల్లు కట్టడానికి కాంట్రాక్టు రాసుకున్నాం. చదరపు అడుగుకి 1,850, మొత్తం 1,400 అడుగులు. మొత్తం ధర దగ్గర "25,09,000 (ఇరవై ఐదు లక్షల తొమ్మిది వేల రూపాయలు)" అని ఉంది. అంకెలు, అక్షరాలు చక్కగా కలిశాయి. ఇప్పుడు గుణిస్తే 25,90,000 వస్తోంది! మేస్త్రీ రేటు ప్రకారం ఇవ్వమంటాడు, నేను మొత్తం ప్రకారం ఇస్తానంటున్నా. అక్షరాల్లో ఉన్నదే నెగ్గుతుంది కదా, సెక్షన్ 18?

లా_చదువుతున్నా_విజయవాడ:
సెక్షన్ 18 మీకు వర్తించదు అన్నా. అది చెక్కులు, ప్రామిసరీ నోట్లు, హుండీల చట్టం. మీది మామూలు ఒప్పందం. పైగా మీ దగ్గర అంకెలకి, అక్షరాలకి తేడానే లేదు. రెండూ కలిసి రేటుతో తేడా పడ్డాయి.

దస్తావేజు_నర్సరావుపేట:
తమ్ముడు ఈసారి సరిగ్గా పట్టుకున్నాడు. మా దగ్గర తరచూ జరిగేది ఇదే. ముందు అంకెల్లో తప్పు పడుతుంది, రాసేవాడు అంకెలు చూసి అక్షరాలు రాస్తాడు, తప్పు రెండు చోట్లా నకలవుతుంది. తొంభై వేలు తొమ్మిది వేలయింది, తేడా 81,000. అందుకే నేను దస్తావేజులో అక్షరాలు గుణకారం నుంచి రాస్తాను కానీ పక్కనున్న అంకెలు చూసి రాయను.

ఇప్పుడు ఎవరు నెగ్గుతారంటే, కాగితంలో "కొలతల ప్రకారం చెల్లింపు" అని ఎక్కడైనా ఉందా, లేక "మొత్తం ఇంతకి ఒప్పుకున్నాం" అని ఉందా? మొదటిది ఉంటే రేటుకి బలం, రెండోది ఉంటే మొత్తానికి. ఏదీ లేకపోతే కోర్టు కాగితమంతా చదివి, మీరిద్దరూ అప్పటిదాకా ఇచ్చిపుచ్చుకున్న తీరు చూసి తేలుస్తుంది. రేటు, విస్తీర్ణం, మొత్తం మూడూ రాసే కాంట్రాక్టులో తేడా వస్తే ఏది చెల్లుతుందో ఒక్క వాక్యం ముందే రాసుకుంటే ఈ బెడద లేదు.

మేస్త్రీ_బాధితుడు:
"కొలత ప్రకారం తుది బిల్లు" అని చివరి పేజీలో ఉంది. 😐

దస్తావేజు_నర్సరావుపేట:
అయితే మేస్త్రీతో కూర్చుని మాట్లాడుకోండి.

జాగ్రత్త_అమ్మాయి:
ప్రామిసరీ నోటు మాట వచ్చింది కదా. మా మావయ్య ఒక నోటు రాయించుకున్నారు, "అక్షరాలా రెండు లక్షల యాభై వేల రూపాయలు, వడ్డీ 2%" అని. అసలు స్పష్టంగానే ఉందిగా?

దస్తావేజు_నర్సరావుపేట:
అసలు స్పష్టమే, వడ్డీ కాదు. మన దగ్గర నోటి మాటలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు. రెండున్నర లక్షల మీద నెలకి 5,000, ఏడాదికి 60,000. కాగితం మీద 2% అని మాత్రమే ఉంటే అవతలి వకీలు అది ఏడాదికి అంటాడు, అప్పుడు ఏడాది మొత్తానికి 5,000. అందుకని "నూటికి నెల ఒక్కింటికి రెండు రూపాయల వడ్డీ" అని పూర్తిగా రాయాలి. మొత్తాన్ని అక్షరాల్లో పదిలంగా రాసి, వడ్డీని ఒక్క గుర్తుతో వదిలేసే నోట్లు నా చేతికి ఎన్నో వచ్చాయి.

మిర్చితోట_ఖమ్మం:
ఇయ్యాల వ్యాపారి దగ్గరికి పోయినం. తక్‌పట్టీ ముందు పెట్టినంక ఇంకేం మాట్లాడలేదు, శుక్రవారం ఆర్‌టీజీఎస్ చేస్తా అన్నడు. పాత చెక్కు ఇమ్మన్నడు, డబ్బు పడ్డాక ఇస్తమన్నం. ఒకవేళ శుక్రవారం చేయకపోతే? ఇట్ల తేడా వల్ల తిరిగొచ్చిన చెక్కు మీద బౌన్స్ కేసు పెట్టొచ్చా?

లా_చదువుతున్నా_విజయవాడ:
సెక్షన్ 138 కింద తప్పకుండా పెట్టొచ్చు. సంతకం కలవక తిరిగొచ్చిన చెక్కుకి కూడా ఆ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో చెప్పింది.

క్లియరింగ్_పాతకాపు:
సంతకం సంగతి అది. అంకెలు, అక్షరాల తేడాకి అదే తర్కం నిలబడుతుందని నేను అనుకోను. ఇక్కడ చెక్కు మొదట్నుంచీ లోపంతో పుట్టింది, ఖాతాలో డబ్బు లేకనో, కావాలని సంతకం మార్చో తిరిగి రాలేదు.

లా_చదువుతున్నా_విజయవాడ:
కావాలనే "వేల" వదిలేశాడని రుజువైతే?

దస్తావేజు_నర్సరావుపేట:
గుమస్తా మనసులో ఏముందో రుజువు చేయడం మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. ఖమ్మం తమ్ముడూ, ఏ దారైనా చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో లిఖితంగా నోటీసు వెళ్లాలి. ఆ తర్వాత అతనికి 15 రోజులు గడువు. నోటీసులో మొత్తం ఎంతని రాయాలన్నది మీ ఊరి వకీలుని అడగండి, ఇక్కడే అంకెల తగువు మళ్లీ మొదలవుతుంది. శుక్రవారం డబ్బు పడకపోతే శనివారమే వకీలు దగ్గరికి వెళ్లండి, తక్‌పట్టీ మరిచిపోకండి.

డాలస్_బాబాయ్:
ఇంతకీ లక్షని ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర "కె హెచ్" రాయాలా, "సి" రాయాలా? మా బ్రోకరు రెండోది రాశాడు.

క్లియరింగ్_పాతకాపు:
మొదటిది రాయండి, అధికారిక కాగితాల్లో అదే వాడతారు. రెండోది రాసినందుకు చెక్కు తిరిగి రావడం మాత్రం నా సర్వీసులో చూడలేదు.